ఒక నడక, మూడు రసీదులు

మా టవర్లో పద్నాలుగో అంతస్తులో ఒక హస్కీ ఉంటుంది. పేరు స్నో. సైబీరియా మంచులో బళ్లు లాగిన జాతి. కొండాపూర్‌కొచ్చాక దానికి లాగడానికి బండి లేదు గనక వాషింగ్ మెషీన్ ముందు కూర్చుని బట్టలు తిరగడం చూస్తుంటుంది. దాని అమ్మానాన్నలిద్దరూ సాఫ్ట్‌వేర్. పొద్దున తొమ్మిదింటికి తలుపు వేస్తే మళ్లీ తీసేది రాత్రి ఎనిమిదింటికి.

"ఇంత తీరిక లేనప్పుడు కుక్కెందుకు బాబూ?" అని ఒకసారి లిఫ్టులో అడిగాను.

"స్ట్రెస్ తగ్గుతుందంటేనూ అంకుల్..."

తగ్గింది, కాదనను. ఆ స్ట్రెస్ ఎక్కడికీ పోలేదు, ఇంట్లో ఇంకొకరికి బదిలీ అయింది, అంతే.

బదిలీ పని చూసేందుకు ఒక యాప్ ఉంది. నెలకు 7,500 కడితే రోజుకు రెండు పూటలా అరగంట చొప్పున కుక్కను తిప్పుతారు. నడిచిన దారి మ్యాపులో వస్తుంది. ఫౌంటెన్ పక్కన దిగిన ఫొటో వస్తుంది. చివర్లో "ఈరోజు మీ బేబీ మూడ్: హ్యాపీ" అని ఒక పసుపు బొమ్మ వస్తుంది. ఆ బొమ్మ చూసుకుని వాళ్లు ఆఫీసులో హాయిగా మీటింగుకు వెళ్తారు. నాకు రిటైరయ్యాక మీటింగులు లేవు గనక ఒక రోజు చేతి గడియారం పెట్టుకుని ఆ అరగంట వెనకాలే తిరిగాను.

సరిగ్గా 7 గంటలకు కుర్రాడు తలుపు నంబరు కొట్టి లోపలికొచ్చి యాప్‌లో "స్టార్ట్" నొక్కాడు. పట్టీ తగిలించి బయటికి రావడానికి రెండు నిమిషాలు. మా అసోసియేషన్ వారి ధర్మసూత్రం ప్రకారం కుక్కలు సర్వీసు లిఫ్టే ఎక్కాలి. ఆ వేళకు సర్వీసు లిఫ్టులో పాల క్రేట్లు, నీళ్ల క్యాన్లు, పనివాళ్లు. కిందికొచ్చేసరికి 7 గంటల 7 నిమిషాలు. అక్కడ స్నోను వాచ్‌మన్ కుర్చీకి కట్టేసి, కుర్రాడు బి బ్లాకుకు పరిగెత్తాడు, బీగిల్ కోసం. తర్వాత సి బ్లాకుకు, ల్యాబ్రడార్ కోసం. 7:15 అయింది. మూడింటినీ ఒక్కొక్కటిగా ఫౌంటెన్ దగ్గర నిలబెట్టి ఫొటోలు తీసేసరికి 7:18. అక్కణ్ణుంచి నడక. 7:25కి మళ్లీ సర్వీసు లిఫ్టు ముందు స్నో నిలబడి ఉంది. 7:30కి ఇంట్లో. "స్టాప్."

అరగంటలో నడిచింది ఏడు నిమిషాలు. సాయంత్రమూ ఇంతే అనుకుంటే రోజుకు పద్నాలుగు. ఇక ఆ ఏడు నిమిషాల నాణ్యత చూద్దాం. కుక్కకు నడకంటే కాళ్ల పని సగం, ముక్కు పని సగం. నిన్న రాత్రి ఆ స్తంభం దగ్గరికి ఎవరొచ్చారు, ఎటు పోయారు అన్నది నింపాదిగా వాసన చూసి తేల్చుకోవాలి. మూడు కుక్కలు ఒకే చేతిలో ఉన్నప్పుడు ఒకటి ఆగితే మిగతా రెండూ లాగుతాయి. కాబట్టి ఏదీ ఆగదు. మూడూ పెళ్లి ఊరేగింపులో బ్యాండు వాళ్లలా ముందుకు పోతూనే ఉంటాయి.

ఆ రోజు మ్యాపులో మాత్రం 1.2 కిలోమీటర్లు పడింది. బీగిల్ వాళ్లకూ అంతే, ల్యాబ్ వాళ్లకూ అంతే. స్నో కుర్చీకి కట్టేసి ఉన్నప్పుడు కుర్రాడు బ్లాకుల మధ్య చేసిన పరుగు కూడా అందులోనే ఉంది. ఆ దూరం నడిచింది కుర్రాడి జేబులోని ఫోను. పాలవాడు నీళ్లు కలుపుతాడని తిట్టుకునే వాళ్లం మనం. ఒకే లీటరును ముగ్గురికి పూర్తిగా పోసి ముగ్గురి దగ్గరా డబ్బు తీసుకునే విద్య పాపం ఏ పాలవాడికీ ఇంకా రాలేదు.

కుర్రాణ్ణి నిలదీశాను. "ఏం జేయాలె సార్? ఒక్క నడకకు నాకిచ్చేది యాభై. గంటల నాలుగు కుక్కలు తిప్పకుంటే పెట్రోల్ పైసల్ గూడ ఎల్లయి" అన్నాడు. లెక్కేశాను. నెలకు అరవై నడకలు, 7,500 రూపాయలు, అంటే నడకకు 125. అందులో యాభై నడిచేవాడిది, మిగతాది మ్యాపుదీ పసుపు బొమ్మదీ. ఒక మనిషి ఒకే కుక్కను పట్టుకుని ముప్పావు గంట తీరిగ్గా తిప్పితే, రాకపోకలు కలుపుకుని అతనికి గంట పైనే పడుతుంది. గంట మనిషి శ్రమ 125కు దొరకదు గనక ఒక గంటను నాలుగు ముక్కలు చేసి అమ్ముతున్నారు. మోసం కుర్రాడిది కాదు, ధరలోనే ఉంది. కొన్నవాళ్లకు ఈ కూడికలు తెలియవా అంటే, ఇద్దరూ రోజంతా కంప్యూటరు ముందు కూర్చుని చేసేవి ఇలాంటి లెక్కలే.

నడక జరిగిందో లేదో తెలుసుకోవడానికి యాప్ అక్కర్లేదు. స్నో ఇంటి కిందే, పదమూడో అంతస్తులో నేనుంటాను. రాత్రి నా నెత్తిన ఠక్ ఠక్ ఠక్ అని చప్పుడు. అవి దాని గోళ్లు. గరుకు నేల మీద రోజూ తిరిగే కుక్క గోళ్లు వాటంతటవి చాలావరకు అరుగుతాయి. నిలబడినప్పుడు నేలకు తగలకూడదు. తగులుతున్నాయంటే పెరిగాయని, పెరిగిన గోరు వేలిని పైకి తోస్తుందని, నున్నటి టైల్స్ మీద కాలు జారుతుందని అర్థం. ఇంకా తేలికైన గుర్తు, నడిచొచ్చిన కుక్క గిన్నెడు నీళ్లు తాగి పడుకుంటుంది. స్నో తిరిగొచ్చీ రాగానే బాల్కనీలో ఒంటికి పోసేది. కుక్క ఎన్నిసార్లు ఒంటికి పోసింది, రెంటికి వెళ్లిందా, గట్టిగా ఉందా పలచగా ఉందా అన్నవి వంట్లో బాగుందో లేదో చెప్పే మొదటి కబుర్లు. వీటికి యాప్‌లో గడి లేదు. మూడ్‌కు ఉంది.

ఇక పగలు పదకొండు గంటల ఒంటరితనానికి మందు కెమెరా. మామూలు కెమెరా కాదు, మాట్లాడుతుంది, బటన్ నొక్కితే బిస్కెట్ విసురుతుంది. అమ్మానాన్నలు వెళ్లిన పది నిమిషాలకు స్నో తలుపు దగ్గర చేరి గీకుతుంది, చొంగ కారుస్తుంది, ఊళ పెడుతుంది. ఫోనుకు కబురు పోతుంది. ఆఫీసు క్యాంటీన్లోంచి ఆవిడ "స్నో, నో! మమ్మీ ఈజ్ హియర్!" అంటుంది. స్నో సోఫా వెనక వెతుకుతుంది, మంచం కింద వెతుకుతుంది, మమ్మీ ఎక్కడా హియర్ లేదు. అప్పుడు ఊళ ఇంకో మెట్టు ఎక్కుతుంది. తర్వాత గోడలోంచి ఒక బిస్కెట్ వచ్చి పడుతుంది. బెంగతో చొంగ కారుస్తున్న కుక్క చాలాసార్లు బిస్కెట్ ముట్టదు. సాయంత్రానికి తలుపు దగ్గర ఐదారు బిస్కెట్లు అలాగే పడుంటే అల్లరి వేరు, బెంగ వేరు అని తెలుసుకోవాలి.

బెంగకు చికిత్స ఉంది, కానీ బటన్ లేదు. మొదట రెండు నిమిషాలు బయటికెళ్లి, కుక్క కంగారు పడకముందే తిరిగి రావాలి. తర్వాత ఐదు, తర్వాత పది, అలా వారాల తరబడి పెంచుకుంటూ పోవాలి. ఈలోగా దాన్ని గంటల కొద్దీ ఒంటరిగా వదిలితే కట్టిన గోడ మళ్లీ కూలుతుంది. అందుకే మధ్యాహ్నం ఎవరో ఒకరు ఇంట్లో కూర్చోవాలి. ఆ కెమెరా నిజంగా పనికొచ్చేది ఇక్కడే. తలుపేసిన తర్వాత మొదటి అరగంట రికార్డు చేసి పశువైద్యుడికి చూపిస్తే, ఆయనకు సగం రోగం అక్కడే తెలుస్తుంది. ఆ వీడియో మాత్రం మా వాళ్లు స్టేటస్‌లో పెట్టుకున్నారు, నవ్వే బొమ్మ తగిలించి.

ఏప్రిల్లో యాప్ వాళ్లు "సమ్మర్ ధమాకా" పెట్టారు. మధ్యాహ్నం మూడింటి నడకకు నలభై శాతం తగ్గింపు. ఆ వేళ హైదరాబాదులో ఏ జీవీ స్వచ్ఛందంగా బయటికి రాదు గనకే తగ్గింపు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని కూలరు. పైగా హస్కీకి రెండు పొరల బొచ్చు. మన అరచేతి వెనక భాగాన్ని తారు మీద ఆనించి ఐదు సెకన్లు ఉంచలేకపోతే అక్కడ కుక్క పాదం పెట్టకూడదు. ఆగకుండా రొప్పుతూ, చిగుళ్లు ఎర్రగా కందిపోయి, నడక తూలితే అది వడదెబ్బ. ముందు మామూలు నీళ్లతో ఒళ్లు తడిపి గాలి తగలనిచ్చి, ఆ తర్వాత ఆసుపత్రికి పరిగెత్తాలి. దారి మధ్యలో పసుపు బొమ్మ పంపించే పని పెట్టుకోకూడదు.

ఇంతకీ తీరికలేని వాళ్లకు ఏ సేవా వద్దంటానా? అనను. మంచి సేవను గుర్తుపట్టడం తేలిక, డబ్బు అడిగేముందు కుక్క గురించి అడుగుతుంది. రోజుకు ఎన్ని గంటలు ఒంటరిగా ఉంటుంది, టీకాలు ఎప్పుడేశారు, పిడుదులకు మందు వేస్తున్నారా, ఇంకో కుక్కతో కలిపి తిప్పొచ్చా అని. మీరు చెప్పిన జవాబులు విని, "మధ్యాహ్నం మనిషి లేకపోతే మేం ఒప్పుకోం" అనగలిగితే అది సేవ. ఏదీ అడక్కుండా మూడు ప్యాకేజీలు ముందు పరిచేది కుక్కకు సేవ చేయడానికి రాలేదు, మీ మనసుకు చేయడానికొచ్చింది. దాన్ని నమ్ముకుని హస్కీని పెంచడం కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమే. ఇక్కడ మునిగేది మాత్రం కుక్క.

ఇంతా చెప్పి చట్టం సంగతి చెప్పకపోతే బాగుండదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో 11వ సెక్షన్ ఉంది. ఎప్పుడూ గొలుసుకు కట్టేసో, ఇరుకు చోట బంధించో ఉంచే కుక్కకు తగినంత వ్యాయామం లేకుండా చేస్తే యజమాని నేరస్థుడని అందులో స్పష్టంగా రాసుంది. అరవై ఏళ్ల కింద, మన ఊళ్లలో లిఫ్టే అపురూపమైన రోజుల్లో, పద్నాలుగో అంతస్తును ఎవరో ముందే చూసినట్టు రాశారు. మొదటిసారి నేరానికి జరిమానా కనీసం పది రూపాయలు, గరిష్ఠం యాభై.

మొన్న స్నో నాన్న యాప్ మీద చిరాకు పడుతూ ఫోను చూపించాడు. రెండు గంటల ముందు చెప్పకుండా నడక రద్దు చేసినందుకు 75 రూపాయలు కోశారట.

"అన్యాయం కదా అంకుల్?"

అన్యాయమే బాబూ. రద్దు చేయకుండా ఊరికే నడిపించడం మానేసి ఉంటే, చట్టం లెక్కన నీకు పాతిక మిగిలేది.