ముప్పైరెండు శాతం మునక

నెల్లూరు తీరంలో తుఫాను రెండుసార్లు వస్తుంది: మొదటిసారి సముద్రం మీదుగా, రెండోసారి కాగితం మీదుగా. మొదటి దాని తీవ్రతను వాతావరణ శాఖ ముందే చెబుతుంది. రెండో దాని తీవ్రత తెలుసుకోవాలంటే రైతు సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు రాసుకోవాలి. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ తుఫాను నెల్లూరు జిల్లాలో నారుమళ్లనూ, అప్పుడే వేసిన నాట్లనూ ముంచింది. అటువంటి తుఫాను తరువాత రెండున్నర ఎకరాల మాగాణి రైతు ఒకరు తహసీల్దారుకు రాసే లేఖ ఎలా ఉండాలో, దానికి ఎలాంటి జవాబులు రావచ్చో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లేఖకు మూలం ఒక అంకె. పంట 33 శాతం, అంతకు మించి దెబ్బతింటేనే పెట్టుబడి రాయితీ, అంటే పంట విలువకు బదులుగా కాక తిరిగి సాగు మొదలుపెట్టుకోవడానికి ప్రభుత్వమిచ్చే సాయం, అందుతుంది. మిచౌంగ్ నాటి విపత్తు సహాయ నిధి ప్రమాణాల ప్రకారం నీటి వసతి ఉన్న భూమికి ఇది హెక్టారుకు 17,000 రూపాయలు కాబట్టి, ఆ లెక్కన ఈ రైతుకు రావలసింది సుమారు 17 వేలు; నష్టం 32 శాతమని రాస్తే రావలసింది సున్నా. చేలో నిలిచిన నీరు శాతాలు చూసుకుని నిలవదు గనుక, ఆ ఒక్క శాతాన్ని తేల్చే మహత్తర బాధ్యత గట్టు మీద నిలబడిన సిబ్బంది కంటిచూపుపై పడుతుంది. పైగా నీరు తీసిన వెంటనే అప్పు చేసి మళ్లీ నాటిన రైతు మడి లెక్కింపు నాటికి పచ్చగా కనిపిస్తుంది కాబట్టి, శ్రద్ధగల రైతే నష్టపోనివాడిగా నమోదయ్యే అవకాశం ఎక్కువ.

ఇక లేఖ విషయానికి వస్తే, రైతు సహజంగా రాసే ప్రశ్న “నా పేరు జాబితాలో ఎందుకు లేదు?” అన్నది. కార్యాలయాలకు ఇంతకంటే ప్రియమైన ప్రశ్న మరొకటి ఉండదు. ఎందుకంటే సమాచార హక్కు చట్టం దృష్టిలో సమాచారమంటే కార్యాలయంలో ఇప్పటికే ఉన్న రికార్డే తప్ప కొత్తగా చెప్పవలసిన కారణం కాదు. అందువల్ల తెలిసిన రైతు కారణం అడగడు, కాగితం అడుగుతాడు: ఫలానా సర్వే నంబరుకు సంబంధించిన పంట నష్టం నమోదు పత్రం, అందులో రాసిన శాతం, పొలం చూసిన తేదీ, చూసినవారి సంతకం, అభ్యంతరాల కోసం గ్రామంలో ప్రదర్శించిన ముసాయిదా జాబితా, దానిపై వచ్చిన అభ్యంతరాలు, వాటిపై తీసుకున్న చర్య. సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కర లేదని చట్టమే అంటున్నది కాబట్టి, గోడు వెళ్లబోసుకునే పేజీలు మిగులుతాయి. మండల స్థాయి కార్యాలయానికి రుసుము ఐదు రూపాయలు.

రాగల జవాబులను రెండు రకాలుగా వర్గీకరించవచ్చు. మొదటిది “ఆ రికార్డు వ్యవసాయ శాఖ దగ్గర ఉంది, అక్కడ అడగండి” అనే దారి చూపే జవాబు. అయితే సమాచారం మరో శాఖలో ఉంటే దరఖాస్తును ఐదు రోజుల్లో అక్కడికి పంపవలసింది కార్యాలయమే గాని, పంపించవలసింది రైతును కాదు. రెండోది మౌనం: 30 రోజుల్లో జవాబు లేకపోతే చట్టం దాన్ని నిరాకరణగా పరిగణిస్తుంది, అంటే ఏమీ చేయకుండానే ఒక నిర్ణయం తీసుకున్న ఖ్యాతి అధికారికి దక్కుతుంది. అప్పుడు రైతు మరో 30 రోజుల్లోగా పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవచ్చు.

సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన పౌర సమాచార అధికారికి, అంటే దరఖాస్తుకు జవాబివ్వవలసిన ఉద్యోగికి, కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా వేయవచ్చు. హెక్టారు వరి మునిగితే మిచౌంగ్ నాటి ప్రమాణాల ప్రకారం దక్కే 17,000 కంటే ఒక కాగితం దాచినందుకు పడగల జరిమానా ఎక్కువన్న మాట. కాకపోతే అది రైతు చేతికి రాదు, పంట శాతాన్నీ మార్చదు. ఈ చట్టం పత్రం నకలు ఇప్పించగలదు గాని నష్టాన్ని మళ్లీ కొలిపించలేదు.

అయినా ఆ నకలుకు విలువ లేకపోలేదు. పొలం చూసిన తేదీ మళ్లీ నాట్లు వేసిన తరువాతిదని అందులో తేలితే, రీసర్వే కోరుతూ కలెక్టరుకు పెట్టే అర్జీకి అంతకు మించిన సాక్ష్యం ఉండదు. కాబట్టి తీర రైతులు నీరు నిలిచి ఉన్నప్పుడే సర్వే నంబరు, తేదీ తెలిసేలా ఫొటోలు తీసుకుని, ముసాయిదా జాబితా గోడ మీద ఉండగానే అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి.