మెడ తిప్పకుండా లోకాన్ని తిప్పే చిట్కాలు

వేలకు వేలు పోసి వీఆర్ హెడ్‌సెట్ కొన్నారు. ఇక లేచి నిలబడి గిర్రున తిరగడం, వెనక ఎవడున్నాడో చూడటానికి నడుం మెలితిప్పడం మీ పనులు కావు. అవి ఖోఖో ఆడేవాళ్ళ పనులు. మీకు బొటనవేలుంది, దాని కింద స్టిక్ ఉంది. ఈ కింది సూచనలు తు.చ. తప్పకుండా పాటిస్తే ఒళ్ళు అంగుళం కదలకుండానే లోకమంతా తిరుగుతుంది. లోకంతోపాటు ఇంకేం తిరిగినా కంగారు పడకండి.

1. ముందు ఇంట్లో ఉన్న తిరిగే కుర్చీని పక్కగదిలో పెట్టి తాళం వేయండి. దాంట్లో కూర్చున్నారంటే కాలితో నేలను తోసి నిజంగానే తిరుగుతారు. కళ్ళు ఏం చూశాయో చెవి లోపలి అర్ధవర్తుల కుల్యలూ అదే చెబుతాయి. ఇద్దరు సాక్షులూ ఒకే మాట చెబితే కడుపులో పంచాయితీ ఉండదు, గంటల తరబడి హాయిగా ఆడేస్తారు. అంత చప్పని ఆట మనకెందుకు? సోఫాలో కూలబడండి. పనిలో పనిగా ఫ్యాను కూడా ఆపేయండి. ఎదురుగా గాలి తగులుతుంటే చల్లగా ఉండటమే కాక, గదిలో ఎటు తిరిగి ఉన్నామో ఒంటికి తెలిసిపోతుంది.

2. ఆట ఆప్షన్లలో టర్నింగ్ దగ్గర స్నాప్, స్మూత్ అని రెండుంటాయి. స్నాప్‌ను ముట్టుకోవద్దు. స్టిక్ ఒకసారి పక్కకు నెడితే దృశ్యం టక్కున 30 డిగ్రీలో 45 డిగ్రీలో జరిగి ఆగుతుంది. మధ్యలో కదలిక కనిపించదు కాబట్టి, తిరుగుతున్నామన్న భ్రమ కళ్ళకు పెద్దగా కలగదు. కళ్ళు గొడవ పెట్టవు, చెవి పట్టించుకోదు. కొత్తవాళ్ళకు దీన్నే ఇవ్వడం వెనక మర్మం ఇదే. వెనక్కి తిరగాలంటే 30 డిగ్రీల చొప్పున ఆరుసార్లు నెట్టాలి. ఆరుసార్లు! మన బొటనవేలు జీతానికి పనిచేస్తోందా?

స్మూత్ పెట్టండి. స్టిక్ నెట్టి పట్టుకుంటే చాలు, లోకం నున్నగా జారుతూనే ఉంటుంది. కళ్ళేమో ‘తిరుగుతున్నాం’ అంటాయి, చెవేమో ‘సోఫాలో కూర్చున్నాం’ అంటుంది. ఆ తగువు తీర్చలేక మెదడు కేసును కడుపుకు బదిలీ చేస్తుంది. సినిమాలో కెమెరా తిరిగినట్టు ఎంత బాగుంటుందో! ఏ పెద్దమనిషైనా స్నాప్ పెట్టుకొమ్మంటే, ‘అది పిల్లలకు’ అనేయండి. ఏళ్ళ తరబడి ఆడి అలవాటుపడ్డవాళ్ళలో కొందరు స్మూత్ పెట్టుకుంటారు. అలవాటు పడటమనే ముక్కను దాచేసి మిగతాదాన్ని వాదనగా వాడుకోండి.

అంతగా స్నాపే కావాలని ఇంట్లోవాళ్ళు పట్టుబడితే 90 డిగ్రీలు పెట్టండి. నాలుగు నెట్టులకు చుట్టు పూర్తవుతుంది, బొటనవేలికి శ్రమ తక్కువ. ఒక్కో నెట్టుకూ కళ్ళముందున్న గది మొత్తం మారిపోతుంది. తలుపు ఎటుందో, తుపాకీ వాడు ఎటున్నాడో మళ్ళీ మొదటినుంచీ వెతుక్కోవచ్చు.

3. స్మూత్ వేగాన్ని చివరికంటా లాగండి. సెకనుకు 180 డిగ్రీలైతే రెండు సెకన్లలో పూర్తి చుట్టు. ఒకే వేగంతో తిప్పకండి, స్టిక్‌ను కాస్త నెట్టి, వదిలి, మళ్ళీ గట్టిగా నెట్టండి. వేగం మారినప్పుడల్లా కళ్ళు కొత్త కుదుపు చూస్తాయి, చెవికి మళ్ళీ ఏమీ అందదు. తిరిగేటప్పుడు దృశ్యం అంచుల్ని నల్లగా మూసే ‘విన్యెట్’ అనే కంఫర్ట్ ఆప్షన్ కూడా ఉంటుంది. చూపు పక్కల్లో జరిగే కదలికే ఎక్కువ తిప్పుతుందని దాన్ని పెట్టారు. ఆపేయండి. తెర మొత్తానికి డబ్బులిచ్చాం, అంచులు వదులుకోవడానికి మనమేం దానకర్ణులమా?

4. ఇక బటన్లు. పీసీ ఆటైతే SteamVR సెట్టింగ్స్‌లో Controllers కిందకు వెళ్ళి Manage Controller Bindings తెరవండి. ఆటను ఎంచుకుని Custom పెట్టి Edit నొక్కండి. ఇక్కడ మార్చినవి ఆ ఒక్క ఆటకే వర్తిస్తాయి. కాబట్టి ఒక్కో ఆటకు ఒక్కో అమరిక పెట్టుకుంటే చేతికి ఏదీ అలవాటు కాకుండా చూసుకోవచ్చు.

ముందుగా కుడి స్టిక్ డెడ్‌జోన్‌ను సున్నా చేయండి. స్టిక్ వదిలేసినా నిక్కచ్చిగా మధ్యలో నిలవదు, వాడి వాడి అరిగిందైతే మరీను. ఆ చిన్న తేడాను లెక్కలోకి రాకుండా ఆపేది డెడ్‌జోనే. అది తీసేస్తే మీ వేలు పక్కన పెట్టినా లోకం దానంతటదే మెల్లగా తిరుగుతూ ఉంటుంది. స్మూత్ టర్నింగ్‌కు ఇంతకంటే సోమరి వాడకం మరొకటి లేదు. టెలిపోర్ట్‌ను కూడా అదే స్టిక్ మీద పెట్టండి. ముందుకు నెట్టబోతే వేలు ఓ పిసరు పక్కకు పోతుంది, దూకే ముందే తిరిగిపోతారు, ఎక్కడో గోడ మూలన తేలతారు.

అసలు కిటుకు గ్రిప్ బటన్‌లో ఉంది. మధ్యవేలితో నొక్కి పట్టుకున్నంతసేపే వస్తువు చేతిలో ఉండటం చాలా ఆటల్లో పద్ధతి. అంతసేపు నొక్కి పట్టుకునే ఓపిక ఎవరికుంది? దాన్ని టాగుల్‌గా మార్చండి. ఒకసారి నొక్కితే పట్టు, ఇంకోసారి నొక్కితే వదులు. ఇప్పుడు గ్రెనేడ్ తీయండి. పిన్ను లాగి, క్రికెటర్‌లా చేయి విసరండి. గ్రెనేడ్ మాత్రం అరచేతిలోనే ఉంటుంది. ఎందుకంటే విసురు లెక్కకొచ్చేది వేలు వదిలిన క్షణంలో చేతికున్న వేగాన్ని బట్టి, మీరేమో వదల్లేదు. అప్పుడు గుర్తొచ్చి మళ్ళీ నొక్కుతారు. చేయి ఆగిపోయింది గనక వేగం సున్నా, గ్రెనేడ్ నేరుగా మీ పాదాల దగ్గర దిగుతుంది. పారిపోవాలంటే తిరగాలి, తిరగాలంటే రెండో చిట్కా ఉంది. చచ్చాక ‘కంట్రోలర్ బాగోలేదు’ అనండి.

ట్రిగ్గర్‌కున్న కాల్పుల్ని కూడా గ్రిప్‌కే తగిలిస్తే చూపుడువేలికి పూర్తి సెలవు. తలుపు పిడి పట్టుకున్నా తూటా పేలుతుంది, అదో అలంకారం.

5. కాసేపటికి ఆవలింతలొస్తాయి. ‘రాత్రి నిద్ర చాల్లేదు’ అనుకుని కొనసాగించండి. నోట్లో ఉమ్ము ఊరుతుంది. వంటింట్లోంచి పోపు వాసన వస్తోందనుకోండి. నుదుటిమీద చల్లటి చెమట పడుతుంది. ఫ్యాను ఆపేశాం కదా మరి! ఇవేవో వాంతికి ముందొచ్చే కబుర్లని, మొదటిదానికే హెడ్‌సెట్ తీసేస్తే సర్దుకుంటుందని చెబుతారు. అప్పుడే తీసేస్తే అంత కష్టపడి చేసిన సెట్టింగులు ఏమైపోవాలి? పళ్ళు బిగబట్టి ఆడితే ఒళ్ళు అలవాటు పడుతుందని గట్టిగా నమ్మండి. ఒళ్ళు నిజంగానే ఒక సంగతి అలవాటు చేసుకుంటుంది. మర్నాడు హెడ్‌సెట్ కళ్ళబడితేనే వికారం మొదలవుతుంది.

6. ఆదివారం హెడ్‌సెట్ కోసమే వచ్చే బావకు పైన చెప్పిన సెట్టింగులన్నీ ఉన్నవి ఉన్నట్టే ఇవ్వండి. నిలబెట్టి ఆడించండి, ఒరిగితే పట్టుకోవడానికి గోడ ఉంటుంది. పది నిమిషాల్లో తెల్లబోయి కూర్చుంటాడు. ‘నీకు వీఆర్ పడదు బావా, అందరికీ పడదు’ అని భుజం తట్టండి. స్నాప్ పెట్టి తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి ఉంటే పడేదేమో అన్న అనుమానం అతనికి రాకూడదు.

7. హెడ్‌సెట్ తీశాక కూడా ఆ తిప్పుడు కొన్ని గంటలు ఉండొచ్చు. దీన్ని దండగ చేయకండి. ‘కాస్త కూరలు పట్రండి’ అనగానే సోఫాలో వాలిపోయి, ‘బండి నడపలేను, తల తిరుగుతోంది’ అనండి. బండి నడపకపోవడమూ మంచిదే, మాటా నిజమే. ఈ ఇంట్లో మీరు చెప్పిన సాకుల్లో సాక్ష్యం ఉన్నది ఇదొక్కటే. సాక్ష్యం తివాచీ మీద ఉంటుంది, కడిగించే పని మాత్రం బావకు అప్పజెప్పండి.