హల్వా డబ్బాతో వచ్చిన సంతకం

బ్యాంకుల్లో ఒక మంత్రం వినిపిస్తుంటుంది. "ఆటోమేటిగ్గా పోతుంది మాస్టారూ" అన్నదే ఆ మంత్రం. బ్యాంకులో ఆటోమేటిగ్గా జరిగే పనులు లేకపోలేదు. వడ్డీ ఆటోమేటిగ్గా పడుతుంది, మెసేజీ చార్జీ ఆటోమేటిగ్గా కోతకొస్తుంది. మన ఖాతాలోంచి పోవాల్సినవేవీ మన చేత ఉత్తరం రాయించుకుని పోలేదు. కానీ అప్పు తీరాక హామీ కూడా దానంతటదే పోతుందని చెప్పేవాళ్ళను చూస్తే, దేవుడి హుండీలో వేసిన వంద నోటుకి చిల్లర దానంతటదే వస్తుందని నమ్మేవాళ్ళు గుర్తొస్తారు.

చీడికాడలో ఒక మాస్టారు ఉన్నారనుకుందాం. పేరెందుకు, మండలానికి ఇలాంటి మాస్టార్లు డజను మందైనా ఉంటారు. జీతం ప్రతి నెలా వస్తుంది, చెడ్డ అలవాట్లు లేవు, అడిగితే కాదనలేరు. బ్యాంకు భాషలో ఈ మూడు లక్షణాల్నీ కలిపి 'మంచి హామీదారు' అంటారు. ఆయన బావమరిది బెల్లం వ్యాపారి. చుట్టుపక్కల గానుగల దగ్గర దిమ్మలు కొని అనకాపల్లి మార్కెట్టుకి తోలతాడు. 2018లో అతనికి రెండు అప్పులు కావాల్సి వచ్చాయి. బండి కొనడానికి ఆరు లక్షల టర్మ్ లోను ఒకటి, సరుకు కొనడానికి నాలుగు లక్షల క్యాష్ క్రెడిట్టు ఇంకొకటి. ఓ సాయంత్రం మాడుగుల హల్వా డబ్బా పట్టుకుని వచ్చాడు. "పెద్దగా ఏటీ లేదు బావా, ఉత్తి సంతకం" అన్నాడు.

ఆ ఉత్తి సంతకం పదిహేడు చోట్ల పెట్టాల్సి వచ్చింది. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, అచ్చు చీమంత ఉంది. ఫీల్డాఫీసరు వేలితో చూపించిన చోటల్లా మాస్టారు సంతకం పెట్టారు. పిల్లల పరీక్ష పేపర్లో కామా తప్పితే మార్కు కోసే మనిషి, తన మెడకి కట్టుకుంటున్న పది లక్షల కాగితంలో ఒక్క వాక్యం చదవలేదు. హల్వా మాత్రం బాగుందన్నారు.

బండి అప్పు 2024 మార్చిలో తీరిపోయింది. బావమరిది వచ్చి పాస్‌బుక్కు తెరిచి చూపించాడు. "చూడు బావా, సున్నా. నీ సంతకం తీరిపోయింది." మాస్టారు బ్యాంకుకి వెళ్ళినప్పుడు కౌంటరు దగ్గర ఓ మాట అడిగారు. లోపలినుంచి మంత్రం వినిపించింది, అదే, ఆటోమేటిగ్గా. ఆయన ఇంటికొచ్చేశారు.

ఇక్కడ న్యాయంగా ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ మంత్రంలో అబద్ధం లేదు, సగం నిజం ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. అప్పే లేకపోతే ఆ అప్పుకి హామీ కూడా ఉండదు, దానికి ఎవరి దయా అక్కర్లేదు. మాస్టారు బండి అప్పుకి మాత్రమే సంతకం పెట్టి ఉంటే, కౌంటరు దగ్గర చెప్పినది చట్టమే. కానీ ఆయన పదిహేడు చోట్ల పెట్టారు. ఆ కాగితంలో రెండు అప్పులూ ఉన్నాయి. పైగా ఇది 'కొనసాగే హామీ' అనీ, ఖాతాలో ఎప్పుడైనా నిల్వ సున్నాకి వచ్చినా హామీ తీరిపోయినట్టు కాదనీ ఒక వాక్యం ఉంది.

క్యాష్ క్రెడిట్టు సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తాను. అది ఇంటి అప్పులా నెలనెలా తరుగుతూ పోయేది కాదు, బావిలాంటిది. తోడితే తగ్గుతుంది, వాన పడితే నిండుతుంది. బెల్లం సీజన్లో బావమరిది మూడున్నర లక్షలు తోడతాడు. సరుకు అమ్ముడై డబ్బు వచ్చాక కట్టేస్తాడు, పుస్తకంలో సున్నా పడుతుంది. మళ్ళీ సీజనుకి మళ్ళీ తోడతాడు. ఏడాదికోసారి లిమిట్టు రెన్యువల్ అవుతుంది. ఆ సున్నా బావి ఎండిందని చెప్పదు, ఇవాళ ఎవరూ తోడలేదని మాత్రమే చెప్తుంది. అప్పు తీరిందనడానికి సున్నాను సాక్ష్యంగా చూపించే బావమరదులందరికీ దీన్ని పలక మీద రాసి ఇవ్వాలి.

2025లో మాస్టారు అనకాపల్లిలో ఇల్లు కట్టడానికి అప్పు కోసం వేరే బ్యాంకుకి వెళ్ళారు. అక్కడి కుర్రాడు కంప్యూటర్లో చూసి, "మీ పేరు మీద రెండు హామీలు నడుస్తున్నాయి సార్" అన్నాడు. మాస్టారి సిబిల్ నివేదికలో రెండు ఖాతాలు కనిపించాయి. వాటి పక్కన 'గ్యారంటర్' అని ఉంది. ఒకటి మూసేసిన బండి అప్పే. దాన్ని మూసేసినట్టు బ్యాంకు నివేదించలేదు. రెండోది క్యాష్ క్రెడిట్టు, బాకీ మూడు లక్షల డెబ్బై వేలు. ఆటోమేటిగ్గా పోవాల్సింది కాస్తా ఆటోమేటిగ్గా అక్కడికి చేరింది.

హామీదారుల్ని ఓదార్చడానికి ఊళ్ళో ఇంకా రెండు మందులున్నాయి. మొదటిది: "ముందు అప్పు తీసుకున్నవాణ్ణి పట్టుకున్నాకే నీ దగ్గరికి వస్తారు." అలాంటి వరస ఏదీ లేదని సుప్రీంకోర్టు 1968లోనే బ్యాంక్ ఆఫ్ బీహార్ కేసులో తేల్చింది. ఒప్పందంలో వేరేగా లేకపోతే బ్యాంకు నేరుగా హామీదారు దగ్గరికే రావచ్చు. రెండో మందు: "మూడేళ్ళు దాటితే కాగితం చెల్లదు." 2006లో సిండికేట్ బ్యాంకు కేసులో అదే కోర్టు ఏమందంటే, అడిగినప్పుడు చెల్లిస్తానని రాసిన కొనసాగే హామీకి, ఖాతా నడుస్తున్నంత కాలం, మూడేళ్ళ లెక్క సంతకం పెట్టిన రోజునుంచి మొదలవదు. బ్యాంకు అడిగి, హామీదారు కట్టనన్న రోజునుంచి మొదలవుతుంది. 2018 సంతకానికి వయసు మీరిందని సంబరపడే మాస్టారికి దీన్ని చదివి వినిపించడానికి నాకు మనసొప్పలేదు.

అంచేత ఉత్తరం రాయాలి. మన దగ్గర ఉత్తరం అంటే పేచీ అనే అర్థం స్థిరపడిపోయింది. "మనవాళ్ళ మధ్య కాగితాలేటి బావా" అంటాడు బావమరిది. పదిహేడు సంతకాలు పుచ్చుకున్న మనిషికి ఒక్క ఉత్తరం మర్యాద తక్కువగా కనిపిస్తుంది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. బ్యాంకుకి అమ్మ కన్నా మెత్తని మనసుందనుకుంటే నాకేం అభ్యంతరం లేదు.

మాస్టారు రాసిన ఉత్తరం పొట్టిగా ఉంది. బ్రాంచి మేనేజరు గారికి అని మొదలుపెట్టి, అప్పు తీసుకున్నవారి పేరు, రెండు ఖాతాల నంబర్లు, హామీ పత్రం రాసిన తేదీ, మొత్తం వేశారు. తర్వాత ఇలా రాశారు:

"టర్మ్ లోను పూర్తిగా చెల్లించి ఖాతా మూసివేయబడినది. ఆ ఖాతాకు సంబంధించి నా హామీ బాధ్యత ఏదీ మిగిలి లేదని లిఖితపూర్వకంగా ధృవీకరించగలరు. ఖాతా మూసివేతను క్రెడిట్ సమాచార సంస్థలకు నా పేరున కూడా తెలియజేయగలరు. క్యాష్ క్రెడిట్టు ఖాతా విషయమై, ఈ ఉత్తరం అందిన తేదీ తర్వాత జరిగే లావాదేవీలకు నా హామీని ఉపసంహరించుకుంటున్నాను. ఆ తేదీకి ఉన్న బాకీ ఎంతో తెలియజేయగలరు. ఆ బాకీ తీరిన పిమ్మట నన్ను హామీ నుంచి విడుదల చేసి, హామీ పత్రాన్ని రద్దుచేసి ఇవ్వగలరు."

ఇందులో చూడాల్సింది ఏంటంటే, రెండు ఖాతాలకీ ఒకే కోరిక కోరలేదు. తీరిన అప్పుకి విడుదల అడిగారు. నడుస్తున్న దానికి ఇకమీదట ఒప్పుకోనన్నారు. కాంట్రాక్టు చట్టం 130వ సెక్షను కొనసాగే హామీని రాబోయే లావాదేవీల మేరకు నోటీసు ఇచ్చి వెనక్కి తీసుకోవచ్చంటుంది. జరిగిపోయిన మూడు లక్షల డెబ్బై వేలకి మాత్రం ఆయన బాధ్యత అలాగే ఉంటుంది, అది ఉత్తరంతో పోదు. ఇంకో చిక్కు: బ్యాంకులు ముందే ఈ సెక్షను మాకు వర్తించదని సంతకం పెట్టించుకుని ఉంటాయి. అప్పుడు మేనేజరు వేరే హామీదారుని చూపిస్తే తప్ప వదలనంటాడు. అయినా ఉత్తరం వృథా కాదు. ఫలానా తేదీన వద్దన్నాను అన్నది రికార్డులో ఉంటుంది. ఆ తర్వాత లిమిట్టు పెంచితే మాస్టారు దాన్నే చూపించి పోట్లాడవచ్చు.

ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్ళారు. కౌంటరులో అమ్మాయి ఒకటి తీసుకుని, రెండోది చూసి "ఇదెందుకు" అంది. ముద్ర వేసి తేదీ రాసి ఇవ్వమన్నారు మాస్టారు. "మేం అలా ఇవ్వం" అంది. ఈ మాట ఎక్కడ రాసుందో నేను ఎవరినీ అడగలేదు గానీ, ఆ కౌంటరు అడుగు చెక్క మీద చెక్కి ఉంటుందని నా అనుమానం. ముద్ర వేయకపోతే గొడవ పడక్కర్లేదు. పోస్టాఫీసులో స్పీడు పోస్టు చేసి, రసీదు దాచుకుని, అందినట్టు కనిపించే పేజీ ప్రింటు తీసుకుంటే చాలు.

జవాబుగా ముందు ఒక 'నో డ్యూ సర్టిఫికెట్' వచ్చింది. బావమరిది పేరు మీద ఉంది, మాస్టారి పేరు ఎక్కడా లేదు. దీంతో సరిపెట్టుకునేవాళ్ళే ఎక్కువ. అది అప్పు తీరిందని అప్పు తీసుకున్నవాడికి ఇచ్చిన ముద్దు, హామీదారుకి దాంట్లో వాటా లేదు. కావాల్సింది మాస్టారి పేరు, హామీ పత్రం తేదీ, బాధ్యత లేదన్న మాట ఉన్న కాగితం. అసలు పత్రం తిరిగివ్వం, మా రికార్డు అంటారు. అలాంటప్పుడు 'రద్దు' అని అడ్డంగా రాసి ముద్ర వేసిన నకలు అడగాలి. మాస్టారు ఫిక్సెడు డిపాజిట్టు పూచీగా పెట్టి ఉంటే లీన్ తీసేశారని, జీతం కోతకి డీడీవో చేత రాయించిన ఉత్తరం ఉంటే దాన్ని వెనక్కి తీసుకున్నారని కూడా అడగాలి. సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కులు మరీ ముఖ్యం, అవి నంబర్లతో సహా అడగాలి.

రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఒక ఆదేశం ఇచ్చింది. వ్యక్తిగత అప్పు తీరాక ముప్పై రోజుల్లో ఆస్తి పత్రాలు తిరిగి ఇవ్వకపోతే బ్యాంకు రోజుకి ఐదు వేలు కట్టాలని. మంచి ఆదేశం. దాంట్లో ఇంటి పత్రం ఉంది, పొలం పత్రం ఉంది. మాస్టారి సంతకం లేదు. సంతకం ఆస్తి కాదుగా! అయితే సిబిల్ తప్పుకి మందుంది. తప్పు సరిచేయమని ఫిర్యాదు చేశాక ముప్పై రోజుల్లో సరికాకపోతే రోజుకి వంద రూపాయల పరిహారం ఇవ్వాలి. బ్యాంకే నెల దాటినా జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో రాసుకోవచ్చు. అక్కడ మొదట అడిగేది బ్యాంకుకి ఎప్పుడు రాశారు అనే. నోటితో అడిగానంటే ఆ గడి నిండదు.

మాస్టారికి కాగితం వచ్చిందా అంటే, బండి అప్పుకి వచ్చింది. సిబిల్ లో ఆ ఖాతా 'క్లోజ్డ్' అని మారింది కూడా. క్యాష్ క్రెడిట్టు సంగతి, కొత్త హామీదారు వచ్చాక చూస్తాం అన్నారు మేనేజరు గారు. మొన్న సాయంత్రం బావమరిది మాస్టారింటి ముందునుంచే వెళ్తూ పలకరించలేదట. చేతిలో హల్వా డబ్బా ఉందట. తిన్నగా ఎదురింటి లెక్కల మాస్టారి గుమ్మం ఎక్కాడు.