పదడుగుల గదిలో కుర్చీ ప్రయాణం

టాటానగర్ స్టేషన్లో రైలు కూతలు, కార్ఖానా మోత, పక్క క్వార్టర్లో టీవీ హోరు. ఈ మూడింటి మధ్యనే బర్మామైన్స్‌లో మూడు నాలుగు తరాల తెలుగు పిల్లలు నిద్రపోయి, పెరిగి, డ్యూటీలకు వెళ్లారు. సిక్కోలు, విజయనగరం పల్లెల నుంచి పనికోసం వచ్చినవాళ్లు బిడ్డకు నిద్ర నేర్పాలని ఎవరికీ ఫీజు కట్టిన దాఖలా లేదు. ఆ లోటు ఇప్పుడు తీరుతోంది. నెలకోసారి జీతం, వారానికోసారి షిఫ్టు మారినట్టే, మూడు రాత్రులకోసారి కుర్చీ మారే రోజులొచ్చాయి.

ఈ కుర్చీ శాస్త్రం తెలియనివాళ్ల కోసం కాస్త వివరం. ఆస్ట్రేలియాలో దీన్ని ‘క్యాంపింగ్ అవుట్’ అంటారు. అమెరికాలో కిమ్ వెస్ట్ అనే ఆవిడ ‘స్లీప్ లేడీ షఫుల్’ అని పేరు పెట్టి పుస్తకమే రాసింది. బిడ్డకు ఆరు నెలలు నిండాక మొదలుపెట్టాలి. పాలు పట్టి, కళ్లు మూతలు పడుతున్నా పూర్తిగా నిద్రపోకముందే తొట్టిలో పడుకోబెట్టాలి. పక్కన కుర్చీ వేసుకుని అమ్మో నాన్నో కూర్చోవాలి. అప్పుడప్పుడు తట్టవచ్చు, ‘ష్’ అనవచ్చు. తట్టీ తట్టీ నిద్రపుచ్చడం మాత్రం నిషిద్ధం. మరీ వెర్రెత్తినట్టు ఏడిస్తే ఎత్తుకుని, ఊరుకోగానే మళ్లీ దించేయాలి. ఇలా మూడు రాత్రులు. నాలుగో రాత్రి కుర్చీ తొట్టికీ తలుపుకీ మధ్యకు వెళ్తుంది. ఇంకో మూడు రాత్రులకు తలుపు దగ్గరికి. ఆ తర్వాత వరండాలోకి, బిడ్డకు కనిపించేలా. ఆఖరికి కనిపించని చోటికి. అర్ధరాత్రి లేచి ఏడ్చినా ఆ రోజు కుర్చీ ఎక్కడుందో అక్కడికే వచ్చి కూర్చోవాలి. రెండు వారాలు గడిచేసరికి బిడ్డ తనంతట తనే నిద్రపోతాడు. కుర్చీ ఖాళీ అవుతుంది.

వదిలేసి వెళ్లిపోయి ఏడవనిచ్చే పద్ధతి కంటే ఇది సౌమ్యమని దీని గొప్ప. ఎందుకంటే తల్లి ఎక్కడికీ పోదు. ఎదురుగానే ఉంటుంది. ఎత్తుకోదు, అంతే.

ఇప్పుడు ఈ శాస్త్రాన్ని బర్మామైన్స్‌లో ఒక పాత క్వార్టర్లోకి తీసుకొద్దాం. పదడుగుల గది, దాని వెనక వంటిల్లు, ముందు చిన్న వరండా. గదిలో ఒక మంచం, ఒక బీరువా, దేవుడి అరమర, కుట్టుమిషను. అందులో నివాసులు అత్త, మామ, కొడుకు, కోడలు, ఎనిమిది నెలల గుంటడు. బెంగుళూరులో ఉద్యోగం చేసి, ప్రసవానికి సెలవు పెట్టి అత్తవారింటికి వచ్చిన కోడలికి వీడియో కాల్లో ఒక నిద్ర సలహాదారు దొరికింది. పథకం పీడీఎఫ్‌గా వచ్చింది. అందులో బొమ్మ కూడా ఉంది: విశాలమైన గది, మూల తొట్టి, తలుపు, తలుపవతల పొడవాటి నడవా.

మొదటి మజిలీకి ఇబ్బంది లేదు. బీరువాకీ తొట్టికీ మధ్య ప్లాస్టిక్ కుర్చీ ఇరికింది. రెండో మజిలీ గది మధ్య. అక్కడ రాత్రి తొమ్మిదయ్యాక మామగారి చాప ఉంటుంది. మామగారు రిటైరై పదేళ్లయినా చాప రిటైర్ కాలేదు. మూడోది తలుపు. ఆ తలుపులోంచే నీళ్ల డ్రమ్ము దగ్గరికీ, అర్ధరాత్రి బయటకీ ఇంటిల్లిపాదీ నడుస్తారు. అక్కడ కుర్చీ వేస్తే మామగారికి ట్రాఫిక్ జామ్. నాలుగోది వరండా. అక్కడ స్కూటరు ఉంది. ఐదో మజిలీ, అంటే కనిపించని చోటు, లెక్క ప్రకారం పక్కవాళ్ల వరండాలో పడుతుంది. పక్కింటి ఒడియా పెద్దావిడ మంచిదే, కూర్చోనిస్తుంది. కానీ లోపల బిడ్డ ఏడుస్తుంటే ఆవిడ కూర్చోదు.

అసలు చిక్కు కుర్చీ పట్టకపోవడం కూడా కాదు. మొదటి రాత్రి గుంటడు ముప్పావుగంట ఏడ్చాడు. కోడలు ఫోన్ చూసుకుంటూ ‘ష్’ అంటోంది. వంటింట్లోంచి అత్త వచ్చింది.

“ఏటమ్మా, గుంటడు గుక్కతిప్పుకోకుండా ఏడుస్తంటే నువ్వు కుర్చీలో కూకుండిపోయావేటి?”

“ఎత్తుకోకూడదత్తమ్మా. వాడే నేర్చుకోవాలి. ఇది సౌమ్యమైన పద్ధతి.”

“సౌమ్యం ఎవరికమ్మా? నీకా, ఆడికా?”

అని అడిగి జవాబుకు ఆగకుండా మనవణ్ని భుజాన వేసుకుని వరండాలోకి వెళ్లిపోయింది. గుంటడు నిద్రపోయాడు. శాస్త్రం నిద్రపోలేదు. సలహాదారు మర్నాడు వాట్సాప్‌లో “స్థిరత్వం ముఖ్యం” అని రాసింది.

స్థిరత్వం అన్నమాట విన్నాక షిఫ్టు లెక్క చెప్పక తప్పదు. ఈ ఇంట్లో కొడుకుది షిఫ్టు డ్యూటీ. ఎ షిఫ్టు పొద్దున్న ఆరింటికి, బి మధ్యాహ్నం రెండింటికి, సి రాత్రి పదింటికి. బిడ్డ పడుకునే వేళకు ఒక వారం తండ్రి ఇంట్లో ఉంటాడు, ఒక వారం పనిలో ఉంటాడు, ఇంకో వారం టిఫిన్ డబ్బా సర్దుకుంటూ ఉంటాడు. కుర్చీలో ఒకే మనిషి, ఒకే వేళ, ఒకే తీరు ఉండాలనేది పద్ధతి నియమం. సి షిఫ్టు వారంలో తండ్రి తొమ్మిదిన్నరకు బయల్దేరుతూ తొట్టి మీదికి వంగి ఒక ముద్దు పెడతాడు. కుర్చీ శాస్త్రం ప్రకారం ఆ ముద్దు మూడు రాత్రుల శ్రమకు గండి. కార్ఖానా సైరన్‌ను ఎవరూ వాట్సాప్‌లో మందలించలేరు కాబట్టి మందలింపు కోడలికే పడింది.

ఎగతాళి అలా ఉంచి, ఇందులో నిజంగా పనిచేసేది ఏమిటో చూడాలి. పెద్దలైనా పిల్లలైనా రాత్రి చాలాసార్లు పైపైకి మేలుకుంటారు. బిడ్డ ఏ స్థితిలో కన్నుమూశాడో, మెలకువ వచ్చినప్పుడు అదే స్థితి వెతుకుతాడు. పాలు తాగుతూ నిద్రపోయినవాడు రెండింటికి పాలకోసం, భుజాన నిద్రపోయినవాడు భుజంకోసం ఏడుస్తాడు. అందుకే సగం మెలకువలో పడుకోబెట్టడం, తట్టే చెయ్యిని కొద్దికొద్దిగా తగ్గించడం, పదింటికి ఏం చేశారో రెండింటికీ అదే చేయడం ఫలితమిస్తాయి. ఆ పనిలో కుర్చీకి ఉన్న వాటా తక్కువ. అది ఎన్ని అడుగులు జరిగిందన్నది ఇంకా తక్కువ. అయితే చెయ్యి తగ్గించమని చెప్తే ఒక్క వాక్యంలో అయిపోతుంది. కుర్చీ ఐదు మజిలీలు నడిస్తే రెండు వారాల పథకం, పీడీఎఫ్, మూడు వీడియో కాల్సు అవుతాయి.

పద్ధతి ఎక్కడ విరిగిపోతుందో కూడా అమ్మేవాళ్లు చివరి పేజీలో పెడతారు. కొందరు పిల్లలకు, ఎదురుగా కూర్చుని ఎత్తుకోని తల్లి కనబడటమే కోపం. లేచి నిలబడి కటకటాలు పట్టుకుని ఆమెనే చూస్తూ ఏడుస్తారు. ఆమె బయటికి వెళ్తే తొందరగా ఊరుకుంటారు. ఇది గుర్తు: కుర్చీ ఓదార్పు కావడం మానేసి ఊరింపు అయింది. ఇంకో గుర్తు, ఏ మజిలీలోనైనా మూడో రాత్రి ఏడుపు మొదటి రాత్రి కంటే తగ్గకపోవడం. అప్పుడు ముందుకు జరిపినా లాభం లేదు. మూడోది చాలా ఇళ్లలో జరిగేది: పదింటికి నియమం పాటించి, రెండింటికి అలసిపోయి పాలిచ్చేయడం. దానివల్ల బిడ్డ నేర్చుకునేది నిద్రపోవడం కాదు, నాలుగు గంటలు ఓపిక పట్టడం. ఈ ఇంట్లో రెండింటికి ఓడిపోయేది ఎప్పుడూ కోడలు కాదు, అత్త. చెవిపోటు, గురక, బరువు పెరగకపోవడం ఉంటే అసలు కుర్చీ జోలికి పోకుండా డాక్టరు దగ్గరికి పోవాలి.

మరి ఇది హానికరమా? కాదు. ఆ మాట చెప్పకపోతే నేనూ పీడీఎఫ్ రాసినట్టే. మెల్‌బోర్న్‌లో హారియట్ హిస్కాక్ బృందం నిద్ర సమస్య ఉన్న 300కు పైగా కుటుంబాలను వెంబడించింది. కొందరు తల్లులకు క్యాంపింగ్ అవుట్, లేదా విరామాలిచ్చి ఓదార్చే పద్ధతి నేర్పారు. కొందరికి మామూలు సలహాలే. నేర్చుకున్న తల్లులు ఏడాదిలోపు కాస్త ఊపిరి పీల్చుకున్నారు, వాళ్లలో దిగులు కూడా తగ్గింది. కంటినిండా నిద్ర లేని తల్లికి అది చిన్న మేలు కాదు. కానీ పిల్లలకు ఆరేళ్లు వచ్చాక చూస్తే రెండు వర్గాల మధ్య తేడా లేదు. ప్రవర్తనలో లేదు, నిద్రలో లేదు, తల్లీబిడ్డల అనుబంధంలో లేదు. 2012లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఫలితం ఇది. హాని జరగలేదని అమ్మేవాళ్లు సగం వాక్యం చదువుతారు. లాభమూ మిగల్లేదన్న రెండో సగం వాళ్లకు కనబడదు.

ఈ కుర్చీ నడిచే దూరం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే మన పక్క రాష్ట్రానికి వెళ్తే చాలు. భువనేశ్వర్‌లో రిచర్డ్ ష్వెడర్, సహచరులు చేసిన అధ్యయనం 1995లో వెలువడింది. ఏడుగురి కుటుంబాన్ని కొన్ని గదుల్లో ఎలా పడుకోబెడతారని ఒడియావాళ్లనూ అమెరికావాళ్లనూ అడిగారు. ఒడియావాళ్లకు చిన్నపిల్లను ఒంటరిగా పడుకోబెట్టకూడదన్నది పెద్ద నియమం. అమెరికావాళ్లకు భార్యాభర్తలకు విడిగా గది ఉండాలన్నది నియమం. ఆ గది ఉన్న ఇంట్లో బిడ్డకు వేరే గది వస్తుంది, వేరే గదికి తలుపు వస్తుంది, తలుపు వైపు కుర్చీ నడుస్తుంది. ఇంకో తమాషా, అదే అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం కనీసం ఆరు నెలలు బిడ్డ తొట్టిని తల్లిదండ్రుల గదిలోనే ఉంచమంటోంది. అంటే ఆరు నెలలు ఉంచి, ఏడో నెల నుంచి మూడు రాత్రులకింత దూరం జరగాలి. ఈ క్వార్టర్లో ఏడో నెల వచ్చినా ఏడో సంవత్సరం వచ్చినా గది అదే.

కాబట్టి కోడలికి నా సలహా ఇది, ఉచితం. కుర్చీని బీరువా పక్కనే ఉంచు, గుంటణ్ని సగం మెలకువలో పడుకోబెట్టు, తట్టే చెయ్యిని కొద్దికొద్దిగా వెనక్కి తీసుకో, రెండింటికి కూడా అలాగే చెయ్యి. అత్తకు నియమం చెప్పి, ఒక్క వారం ఆవిణ్ని కూడా ఆ కుర్చీలోనే కూర్చోబెట్టు. శిక్షణ అవసరమైంది ఆవిడకే. మామగారి చాప, స్కూటరు, పక్కింటావిడ వరండా వాటి వాటి చోట ఉండనియ్. కుర్చీ ఎన్ని అడుగులు నడిచిందని ఎవరైనా అడిగితే, ఆరేళ్ల తర్వాత మెల్‌బోర్న్ డాక్టర్లకే ఆ తేడా దొరకలేదని చెప్పు. అప్పటికీ కావాలంటే ఫీజు మాత్రం ఐదు వాయిదాల్లో కట్టు, మూడు రాత్రులకు ఒకటి చొప్పున, ఒక్కో వాయిదాకు కొంచెం కొంచెం దూరం జరుగుతూ.