రెండున్నర రూపాయల నీలి ఉత్తరం

నేను ఇన్‌లాండ్ లెటర్‌ని. ఒంటి మీద నెమలి బొమ్మ, పక్కన రెండు రూపాయల యాభై పైసల ముద్ర. 2009లో ధర్మపురి పోస్టాఫీసులో ఒక పట్టురైతు మమ్మల్ని అయిదుగురిని కొన్నాడు. ఆయన కూతురు ఆ ఏడే చెన్నైలో వైద్యం చదవడానికి వెళ్లింది. నాతోటివాళ్లు నలుగురూ మొదటి ఆరు నెలల్లోనే ఆ అమ్మాయి హాస్టల్‌కి చేరారు. తర్వాత ఇంట్లోకి సెల్‌ఫోన్ వచ్చింది. నేను మిగిలిపోయాను.

పదేళ్లు బీరువా అరలో, రేషన్ కార్డు అడుగున పడున్నాను. నా మీద కరెంటు బిల్లులు పేరుకున్నాయి, వాటి మీద పట్టుగూళ్లు అమ్మిన చీటీలు. ఎవరో వెతుకుతున్న అలికిడి వినపడితే నాకోసమేననుకునేదాన్ని. బిల్లు తీసుకుని తలుపు మూసేసేవారు. ఒక వానాకాలం చెమ్మకు నా అంచులు వాటంతటవే అతుక్కుపోయాయి. మాట రాయకముందే నోరు మూసుకుపోవడం ఎంత బాధో నాకు తెలుసు.

2019లో కూతురి పుట్టినరోజు దగ్గరపడుతుంటే ఆయన నన్ను బయటికి తీశాడు. ఆమె అప్పటికి గువాహటిలో పెద్దాసుపత్రి డాక్టరు. అంచులు చిరగకుండా గోటితో మెల్లగా ఊడదీశాడు. జిగురంతా పోయింది. చెల్లుతానో లేదోనని పోస్టాఫీసుకు తీసుకెళ్లి అడిగాడు. పదేళ్లయినా నా వెల మారలేదు, అదనంగా స్టాంపు అక్కర్లేదన్నారు. ఆ రోజు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

ఆయన హోసూరు వైపు తెలుగు బడిలో చదువుకున్న మనిషి. 2004 దాకా ఆ ఊరు కూడా ధర్మపురి జిల్లాలోదే. కూతురి బడి చదువు తమిళంలో సాగింది. తెలుగు అక్షరాలు మాత్రం ఈయనే సాయంత్రాలు పలక మీద దిద్దించాడు. చదవగలదు గానీ కూడబలుక్కోవాలి. అందుకే ఒత్తులు విడిగా కనిపించేలా, మాటకూ మాటకూ మధ్య వేలెడు చోటు వదిలి రాశాడు. అలా రాస్తే నాలో పట్టేది కొంచెమే.

"చి. అమ్మాయికి నాయన ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నీకు ఇరవై ఎనిమిది నిండాయి. సంతోషం. ఈ పంట గూళ్లు గట్టిగా వచ్చాయి. మల్బరీకి నీళ్లు చాలుతున్నాయి. అమ్మ రాగిపిండి ఆడించింది, వచ్చేవారితో పంపుతాను. రాత్రి డ్యూటీ ఉన్నా వేళకు తిను."

అంతే. ఎక్కడా పొగడ్త లేదు. 'సంతోషం' తర్వాత కలం కాసేపు ఆగింది. అక్కడ సిరా చుక్క ఊరి, ఆవగింజంత మచ్చయింది. 1930లో నెహ్రూ కూడా నైనీ జైలు నుంచి కూతురి పదమూడో పుట్టినరోజుకు ఉత్తరం రాశాడు. జైల్లో ఉన్నవాడు మాటలు తప్ప ఏం పంపగలడు? నా సంగతీ అంతే. లోపల ఏమీ పెట్టకూడదని నా ఒంటి మీదే అచ్చువేసి ఉంటుంది.

కానీ నన్ను మడిచాక ఆ తండ్రి మనసు బయటపడింది. చిరునామా ఇంగ్లీషులో రాశాడు. లోపల 'అమ్మాయి' అన్న మనిషి బయట 'డాక్టర్' అని పెద్ద అక్షరాలతో మొదలుపెట్టి, పేరు పక్కన రెండు డిగ్రీలూ, కింద ఉద్యోగం, వార్డు అన్నీ ఒక్కటీ వదలకుండా రాశాడు. పోస్టు చేరడానికి అంత అక్కర్లేదు. ధర్మపురి నుంచి గువాహటి దాకా నన్ను చేతపట్టిన ప్రతివాడూ అది చదవాలి, అదీ ఆయన కోరిక. పిన్‌కోడ్ గళ్లలో అంకెలు ఒక్కొక్కటే నింపాడు. మా ధర్మపురి పిన్ 6తో మొదలవుతుంది, ఆమెది 7తో. ఆ మొదటి అంకె చూసే నేను తూర్పు వైపు వెళ్లాలని తెలుసుకుంటారు.

జిగురు లేదుగా, అన్నం మెతుకు నలిపి అంచులకు రాసి, పైన చెంబు బరువు పెట్టాడు. పుట్టినరోజుకు పన్నెండు రోజుల ముందే ఎర్రడబ్బాలో వేశాడు. అయినా ఒక రోజు ఆలస్యంగా చేరాను. అదొక్కటే నా మనసులో ముల్లు.

ఆమె నన్ను లాగి చింపలేదు. బ్లేడుతో మూడు అంచులూ కోసింది. పెదవులు కదుపుతూ, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. సిరా మచ్చ దగ్గర వేలు ఆనించింది. తర్వాత నన్ను తిప్పి చిరునామా చూసింది. అదే ఎక్కువసేపు చూసింది.

నాలాంటిది మీ బీరువాలో ఉంటే తీయండి. జిగురు పోయినా పర్వాలేదు, అన్నం మెతుకు చాలు. పన్నెండు కాదు, పదిహేను రోజుల ముందు వేయండి.