జూమ్‌లో ఆఖరి ఏడు కుర్చీలు

సింగరాయకొండలో షేర్ ఆటో అబ్బాయి "ఒక్క సీటే ఉంది, రండి" అంటాడు. నలుగురు ఎక్కాక కూడా ఆ ఒక్క సీటు అలాగే ఉంటుంది. పోనీలే, కనీసం ఆటో అంటూ ఒకటి కళ్లెదుట ఉంది. మన స్వతంత్ర ఫైనాన్షియల్ ప్లానర్ గారి వెబినార్‌కి కుర్చీలే లేవు, అయినా వాట్సాప్‌లో "ఇంకా 7 సీట్లే!" అని ఎర్ర అక్షరాలు. ఉచిత జూమ్‌లో వందమంది పడతారు, కాకపోతే 40 నిమిషాలకు మీటింగు దానంతటదే తెగిపోతుంది. వారు గంటన్నర మాట్లాడతామని ప్రకటించారు. కొరత ఉన్నది నిమిషాలకు, దాని ఊసే లేదు!

ఇక ఆహ్వానం: "మీ ఆర్థిక స్వేచ్ఛకు తొలి అడుగు." ఎవరి స్వేచ్ఛ? పొగాకు రైతుదా, పాకల తీరంలో వల లాగేవాడిదా, రిటైరైన మాస్టారిదా? అందరిదీనట. అందుకే ఎవరూ తమదనుకోరు. దాని బదులు ఇలా రాసి చూడండి: "వేలం డబ్బు ఖాతాలో పడిందా? బంగారం మీద అప్పు తీర్చాలా, డిపాజిట్ వేయాలా? గురువారం రాత్రి 8కి లెక్కగట్టి చూపిస్తా." లక్ష అప్పుకి 10 శాతం వడ్డీ కడుతూ, ఇంకో లక్షని 7 శాతానికి డిపాజిట్ చేస్తే ఏడాదికి మూడు వేలు చేజేతులా పోతాయి. ఈ ఒక్క లెక్క చాలు, రైతు ఫోన్ పక్కన పెట్టకుండా చదవడానికి.

రిమైండర్ల సంగతి మరీ ముచ్చట. అయిదుసార్లు అదే పోస్టరు. రైతు వేలం కేంద్రంలో బేళ్ల పక్కన నిలబడ్డ ఉదయం పదకొండింటికి ఒకటి. లింకు మాత్రం పది రోజుల కిందటి మెసేజ్‌లో, పండగ శుభాకాంక్షల కింద ఎక్కడో. పేరు నమోదు కాగానే లింకూ టైమూ పంపాలి. ముందురోజు సాయంత్రం "మీ అప్పు బ్యాంకుదైతే 1, బయటిదైతే 2 పంపండి" అని అడగాలి. జవాబిచ్చినవాడు తన లెక్క వినడానికి వస్తాడు. గంట ముందు ఒక్క లింకు, మొదటి వరుసలోనే. పేర్లే తక్కువొస్తే తప్పు ఆహ్వానానిది. పేర్లు బోలెడొచ్చి మనుషులు రాకపోతే రిమైండర్లది. వచ్చినవాళ్లు పది నిమిషాల్లో జారుకుంటే, చెప్తానన్నదొకటి, చెప్పింది మరొకటి.

అసలు తమాషా పోస్టరు అడుగున ఉంది. పైన "స్వతంత్ర సలహాదారు", కింద చీమతలకాయంత అక్షరాల్లో ARN నంబరు. అది మ్యూచువల్ ఫండ్లు అమ్మి కమీషన్ తీసుకునేవారి నంబరు. సెబీలో నమోదైన సలహాదారుకి INA నంబరుంటుంది. డిస్ట్రిబ్యూటర్లు ఇండిపెండెంట్ ఫైనాన్షియల్ అడ్వైజర్ అని బోర్డు పెట్టుకోకూడదని సెబీ 2020లోనే తేల్చేసింది. కమీషన్ మాట ఆహ్వానంలోనే రాస్తే జనం రారండీ అంటారు వీరు. వచ్చిన మాస్టారు ఫారం మీద సంతకం పెట్టబోతూ "ఇందులో మీకెంత, బాబూ?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు అయిదు రిమైండర్లలో ఒక్కదాంట్లోనూ లేదు.