అంచు కనబడకుండా నేల మార్చడం ఎలా?

బేగంపేటలో ఓ పాత ఫ్లాటు. హాలంతా నీలం తాండూరు బండలు. ఇంటి మేడమ్‌కి తెల్ల పాలరాయి మీద మనసు. డబ్బు పెట్టేముందు ఎలా ఉంటుందో ఫొటోలో చూపించమన్నారు. ఇన్‌పెయింటింగ్‌లో నేల మీద మాస్క్ పూస్తే, పూసిన మేరకు కంప్యూటరే పాలరాయి పరిచేస్తుంది. మాస్క్ అంచును క్రమంగా పలచన చేయడాన్ని ఫెదరింగ్ అంటారు. చాదస్తులు దీనికి గంట తీసుకుంటారు. నేను నాలుగు నిమిషాల్లో పంపించాను. ఎలాగో చెప్తాను, రాసుకోండి.

1. అన్ని అంచులకూ ఒకటే ఫెదర్ పెట్టండి. చాదస్తులు స్కర్టింగ్ దగ్గర, సోఫా కాలి దగ్గర ఒకటి రెండు పిక్సెళ్ళే ఇస్తారు, ఫొటోలో ఆ అంచులు అంత పదునుగా ఉంటాయి కాబట్టి. తివాచీ కుచ్చుల దగ్గర, కర్టెన్ నీడ దగ్గర వెడల్పు పెంచుతారు, అవి అసలే మెత్తగా ఉంటాయి కాబట్టి. అంటే ఒక్క హాలుకు రెండు మూడు మాస్కులు! మనకు ఒకటి చాలు.

2. ఆ ఒక్కటీ వెడల్పుగా పెట్టండి. నా ఫొటో వెడల్పు 1024 పిక్సెళ్ళు, ఫెదర్ 40. అంచుకు అటు 20, ఇటు 20 వస్తాయి. గీత మీద సగం పాలరాయి, సగం పాత ఫొటో. పది పిక్సెళ్ళు నేల లోపలికి వచ్చినా పావువంతు తాండూరు బండే మిగులుతుంది, పాలరాతి చారల కింద పాత బండల సందులు నీళ్ళలో గీతల్లా కనిపిస్తాయి. గోడవైపు చూడండి. స్కర్టింగ్ ఎత్తు 12 పిక్సెళ్ళు. దాని పైఅంచులో కూడా అయిదో వంతు పాలరాయి చేరిపోయింది. ఇక సోఫా కాలు. దాన్ని మాస్క్‌లోంచి జాగ్రత్తగా వదిలేశాను, కానీ అది 14 పిక్సెళ్ళే. రెండు పక్కలనుంచీ ఫెదర్ పాకి, కాలి నడిమధ్య 65 శాతం పాలరాయే అయింది. సోఫా గాల్లో తేలినట్టు వచ్చింది. హాలు ఎంత తేలికపడిందో!

3. మాస్క్‌ను ముందుగా పెంచకండి. కొందరు రాయి నేరుగా రాయిలో కలిసే చోట, అంటే హాలు వరండాలోకి సాగే చోట, ఫెదర్‌లో సగం మేర మాస్క్‌ను బయటికి జరిపి, ఆ తర్వాత బ్లర్ చేస్తారు. అలా చేస్తే మార్చాల్సిన బండ మొత్తం నూరు శాతం మాస్క్ కింద ఉంటుంది, కలగలుపు అంతా దాని బయటే జరుగుతుంది. అదనంగా ఒక బటన్ నొక్కాలి కదా, వదిలేయండి.

4. చివర్లో అసలు ఫొటోను తిరిగి అతికించకండి. స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి మోడల్ ఫొటోను ఎనిమిదో వంతుకు కుదించి పనిచేస్తుంది, మన 1024 దాని లోపల 128 గళ్ళే. ఒక్కో గడి 8 పిక్సెళ్ళు కాబట్టి సన్నని ఫెదర్ అక్కడ నిలవదు. పైగా ఫొటో కుదించి మళ్ళీ విప్పేసరికి మాస్క్ లేని గోడ కూడా కొద్దిగా మారుతుంది, క్యాలెండర్ మీది అక్షరాలు వంకర్లు పోతాయి. అందుకే చాదస్తులు ఫలితాన్ని పూర్తి సైజులో, మెత్తని మాస్క్‌తో పాత ఫొటో మీద వేస్తారు. మనం మోడల్ ఇచ్చింది ఇచ్చినట్టు సేవ్ చేద్దాం. గోడా నేలా ఒకే రకంగా మసకబారితే అతుకు ఎవరికి దొరుకుతుంది?

5. రెండు వందల శాతానికి పెంచి చూడకండి. పాత ఫొటో, కొత్త ఫొటో ఒకదాని వెంట ఒకటి మార్చి చూడటం అసలే వద్దు. స్కర్టింగ్ గీత ఎక్కడ మాయమైందో, కాలి కింద నీడ ఎక్కడ పోయిందో క్షణంలో బయటపడుతుంది. వాట్సాప్‌లో పంపండి, అది ఇంకాస్త నలిపి చక్కబరుస్తుంది.

6. జవాబులు సిద్ధంగా ఉంచుకోండి. "కెమెరా కదిలింది మేడమ్." "మీ ఫోన్ బ్రైట్‌నెస్ తగ్గించండి." "పాలిష్ పడితే రాయి ఇలాగే మెరుస్తుంది." మూడోది ఎప్పుడూ పనిచేస్తుంది.

మేడమ్ అదే రోజు సరే అన్నారు. ఫొటోలో పాలరాయి గోడ మీదికి ఎక్కింది కనుక స్కర్టింగ్ కూడా అందులోనే అనుకున్నారు. లెక్కలో అది లేదు. మేస్త్రి నేల పరిచి గోడ దగ్గర ఆగిపోయాడు, రెండు రోజులు వాదన నడిచింది, స్కర్టింగ్ డబ్బు మా ఆఫీసే పెట్టుకుంది. ఫొటో మాత్రం నాలుగు నిమిషాల్లోనే అయింది. స్లైడర్ 40 మీదే ఉంచాను, వచ్చే హాలుకు మీరూ అక్కడే ఉంచండి.